బొచ్చెనా, రవ్వనా? చేప కోయించే ముందు చూసుకోవాల్సినవి

▪ వరంగల్ మార్కెట్లో ముక్కలయ్యాక ఏ చేపో చెప్పడం కష్టం. తలతో ఉండగానే చూడండి.

▪ బొచ్చెకు తల పెద్దది, పొట్ట వెడల్పు. కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తిరిగి ఉంటుంది. రవ్వ తల చిన్నది, నోరు కిందికి ఉంటుంది. పొలుసుల్లో, రెక్కల్లో ఎర్రటి ఛాయ కనిపిస్తుంది.

▪ కొర్రమీనుకు పాము తల, వీపంతా సాగిన ఒకే రెక్క. బతికున్నదే తీసుకోండి.

▪ కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి. లోపలికి గుంతపడితే వద్దు. ఐసు తగిలి కూడా కన్ను మసకబారుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మను.

▪ మొప్ప మూత మీరే ఎత్తండి. లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమరంగు, చిక్కటి జిగురు, పుల్లటి వాసన ఉంటే పాతదే. మొప్పను తెల్ల కాగితంతో తుడవండి. గులాబీ రంగు ధారాళంగా అంటితే పూసిన రంగేమో అనుమానించండి.