నవల నిర్మాణం చదవడం – 4వ పాఠం: కథ ఎవరు ఎవరికి చెబుతున్నారు, సంపుటం ఎక్కడ తెగింది?

గత పాఠంలో ఒకే కథకుడున్న నవలను తీసుకుని, అతనికి తెలిసినదేమిటి, తెలియనిదేమిటి అన్నది విడదీసి చూశాం. ఈసారి ఒక కథకుడి మాటల్లో ఇంకొకడు, అతని మాటల్లో మరొకడు మాట్లాడే నవల పట్టుకుందాం. మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్'. ముగింపు దాకా అన్నీ మాట్లాడుకుంటాం కాబట్టి నవల చదవనివారు ముందు అది పూర్తి చేసి రావడం మంచిది. చదివినవారు పుస్తకం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

కథలో కథ మనకు కొత్త కాదు. బేతాళ కథలు చదివి పెరిగినవాళ్లం. అక్కడ శవంలోని బేతాళుడు విక్రమార్కుడికి దారి బడలిక తెలియకుండా ఉండడానికే కథ చెబుతున్నానంటాడు. నిజానికి అతనికి కావలసింది రాజు నోరు విప్పడం. రాజు మాట్లాడగానే బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. అంటే లోపలి కథ బయటి కథలో ఒక పని చేస్తోంది. చట్రమున్న ఏ నవలనైనా చదివేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: చెప్పేవాడు వినేవాడి నుంచి ఏం కోరుతున్నాడు, అది అతనికి దక్కిందా? 'కథలో కథ ఉంది, భలే ఉంది' అని రాసి ఊరుకుంటే అది విశ్లేషణ కాదు, వర్ణన మాత్రమే.

మొదటి పని: పొరలు గీయడం

కాగితం మీద ఒకదానిలో ఒకటిగా మూడు పెట్టెలు గీయండి. అన్నిటికన్నా బయటిది రాబర్ట్ వాల్టన్ ఉత్తరాలు. ఉత్తర ధ్రువం వైపు ఓడలో వెళుతున్న వాల్టన్, ఇంగ్లండులో ఉన్న తన అక్క మార్గరెట్ సావిల్‌కు రాస్తుంటాడు. రెండో పెట్టె విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ కథ. మంచులో చిక్కుకుని చావుకు దగ్గరపడిన విక్టర్‌ను ఓడలోకి ఎక్కించుకుంటే, అతను వాల్టన్‌కు తన జీవితమంతా చెబుతాడు. మూడోది, విక్టర్ సృష్టించిన జీవి చెప్పే కథ. ఆల్ప్స్ కొండల్లో ఒక గుడిసెలో, నెగడి పక్కన కూర్చుని ఆ జీవి విక్టర్‌కు తన గోడు చెప్పుకుంటుంది. ఆ కథ లోపల డి లేసీ అనే కుటుంబం కథ ఇంకొకటి ఉంది. దాన్ని చుక్కల గీతతో గీయండి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇప్పుడు ప్రతి పెట్టె పక్కన రెండు మాటలు రాయండి: కోరిక, ఫలితం. జీవి విక్టర్‌ను కోరేది తనలాంటి ఒక తోడును. ఆ కోరిక తీరుస్తానని మాట ఇచ్చేదాకా కదలనివ్వనంటుంది. విక్టర్ మాట ఇస్తాడు, ఆ తర్వాత ఆర్క్‌నీ దీవుల్లో సగం చేసిన ఆడజీవిని తన చేతులతోనే చీల్చి పారేసి మాట తప్పుతాడు. వాల్టన్‌కు విక్టర్ కథ చెప్పేది పైకి హెచ్చరికగా: జ్ఞానదాహంతో నేను చెడ్డాను, నువ్వు చెడకు అని. కథ చివరికి వచ్చేసరికి కోరిక మారిపోతుంది. నేను చనిపోయాక ఆ జీవి కనబడితే చంపమని అడుగుతాడు. వాల్టన్ చంపడు. ఆ జీవి ఎదురుపడినప్పుడు చంపాలన్న తలంపును కుతూహలమూ జాలీ ఆపేశాయని తనే రాస్తాడు.

పోనీ హెచ్చరికైనా పనిచేసిందా? వాల్టన్ ఓడ వెనక్కి తిప్పిన మాట నిజమే. తిప్పించింది మాత్రం ప్రాణభయంతో తిరగబడిన నావికులు. హెచ్చరించిన విక్టరే ఆ సమయంలో మంచానపడి కూడా లేచి, పిరికివాళ్లలా వెనుదిరగకండని నావికులకు ఉపన్యాసమిస్తాడు. ఈ నవలను 'అతి ఆశ కూడదని చెప్పే నీతికథ' అని వ్యాసాల్లో రాసేవారు ఈ చట్రాన్ని దాటేసి లోపలి కథనే చదివారని నాకు అనుమానం. విక్టర్ నీతి చెబుతాడు, నవల చెప్పదు. ఆ నీతి ఎవరి మీద ఎంత పనిచేసిందో చూపించడానికే వాల్టన్ ఉన్నాడు.

మూడో కోరిక వాల్టన్‌ది. తనను అర్థం చేసుకునే మనిషి కావాలని రెండో ఉత్తరంలోనే మొత్తుకుంటాడు. అక్క ఒక్క జవాబైనా రాసినట్టు నవలలో ఎక్కడా లేదు. ఈ కాగితాలు నీకు చేరేలోపు నేనే వచ్చేస్తానేమో అని అతనే ఒకచోట అనుకుంటాడు. మొదటి మూడు ఉత్తరాల కింద అతని సంతకమో పొడి అక్షరాలో ఉంటాయి. నవల చివర అవేవీ ఉండవు. జీవి అలల మీద కొట్టుకుపోయి చీకట్లో కనుమరుగయ్యే వాక్యంతో పుస్తకం ముగుస్తుంది, అక్కకు వీడ్కోలైనా లేదు. బయటి పెట్టెకు కింది గీత చెరిపేయండి, అది మూసుకోలేదు.

రెండో పని: ఒక పొర నుంచి ఇంకో పొరకు ఏం దాటుతోందో పట్టుకోవడం

పెట్టెలు గీశాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు సరుకు గీతలు దాటే చోట ఉంటుంది. ఇక్కడ రెండు చోట్లు చూడండి.

డి లేసీ కుటుంబంలోని ఫెలిక్స్‌కు సఫీ అనే అమ్మాయి రాసిన ఉత్తరాలకు జీవి నకళ్లు రాసి ఉంచుకుంటుంది. నా కథ నిజమనడానికి ఇవే రుజువు అంటూ వాటిని విక్టర్‌కు ఇస్తుంది. పుస్తకం చివర వాల్టన్, విక్టర్ తనకు ఆ ఉత్తరాలు చూపించాడనీ, అతని మాటల కన్నా అవీ, తను ఓడ మీద నుంచి ఆ జీవిని చూడటమూ ఎక్కువ నమ్మకం కలిగించాయనీ రాస్తాడు. అన్నిటికన్నా లోపలి కథలోని కాగితాలు రెండు చట్రాలు దాటి బయటికొచ్చాయి. చుక్కల గీత అందుకే. డి లేసీల కథ పక్కదారి పట్టిందని విసుక్కునేవారుంటారు. ఆ కథ తీసేస్తే మిగిలిన కథకు సాక్ష్యం పోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. వాల్టన్ రాత్రిపూట తన కథను రాసుకుంటున్నాడని తెలిసి, విక్టర్ ఆ కాగితాలు అడిగి తీసుకుని దిద్దుతాడు, పెంచుతాడు. ముఖ్యంగా తన శత్రువుతో జరిగిన సంభాషణలకు జీవం పోశాడని వాల్టన్ చెబుతాడు. అంటే గుడిసెలో ఆ జీవి అంత హృదయవిదారకంగా పలికిన మాటలు మనకు చేరింది విక్టర్ చేతి దిద్దుబాటుతోనే. మరి అవి జీవి మాటలేనా? నమ్మడానికి మనకున్న ఆధారం ఒక్కటే: చివరి పుటల్లో విక్టర్ శవం పక్కన జీవి నేరుగా వాల్టన్‌తో మాట్లాడుతుంది. విక్టర్ దిద్దలేని ఒకే ఒక ప్రసంగం అది. దాన్ని, గుడిసె ప్రసంగాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. అదే వాగ్ధాటి, అదే వాదన తీరు కనిపిస్తాయి. చట్రం అనుమానాన్ని రేపి, దాన్ని పరీక్షించే వీలు కూడా చివర్లో తనే ఇచ్చింది.

మూడో పని: సంపుటాల కోతలు

1818 జనవరిలో ఈ నవల రచయిత్రి పేరు లేకుండా మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేది 1831 నాటి పాఠం: ఒకే సంపుటం, 24 అధ్యాయాలు. అందులో పాత హద్దులు చెరిగిపోయాయి. మీ ప్రతిలో 1 నుంచి 24 దాకా వరుస అంకెలుంటే 8వ అధ్యాయం తర్వాత ఒక గీత, 17వ అధ్యాయం తర్వాత ఒక గీత పెన్సిలుతో గీసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మూడు సంపుటాలు ఆనాటి ఇంగ్లండు నవలలకు మామూలు రూపం. అద్దె గ్రంథాలయాలు సంపుటం చొప్పున ఇచ్చేవి. కాబట్టి 'మూడు' అనే అంకెకు గూఢార్థాలు వెతికితే గాలిలో మేడలు కట్టినట్టే. ఈ నవలకు ఇంకొక ఆధారముంది. మిగిలిన చిత్తుప్రతి రెండు సంపుటాల పథకంతో ఉంది. 1817లో సాపు రాసేటప్పుడు, ప్రచురణకర్త కుదరకముందే, అది మూడుగా మారింది. ఆనవాయితీ అందుకు కారణం కావచ్చు, ఎక్కడ కోయాలన్నది మాత్రం రాసేవారి చేతిలోనే ఉంది. కాబట్టి ఎన్ని భాగాలు అన్నది వదిలి, ఎక్కడ తెగింది అన్నది అడగాలి.

మొదటి సంపుటం విలియం, జస్టిన్‌ల సమాధుల దగ్గర ఆగుతుంది. ఆ సంపుటం మొత్తంలో జీవి ఒక్క మాటా మాట్లాడదు. పుట్టిన రాత్రి ఏవో శబ్దాలు చేస్తుంది. మాట్లాడిందేమో, నాకు వినబడలేదంటాడు విక్టర్. రెండో సంపుటంలో తొమ్మిది అధ్యాయాలుంటే, ఆరింటిలో మాట్లాడేది జీవే. దాని కథ మొత్తం ఆ మధ్య సంపుటంలోనే మొదలై అక్కడే ముగుస్తుంది. విలియం హత్యను రెండోసారి, ఈసారి హంతకుడి నోటి నుంచే వింటాం. మాట ఇచ్చిన విక్టర్ ఇల్లు చేరడంతో ఆ సంపుటం ఆగుతుంది. మూడోది మాట తప్పడం, దాని ఫలితాలు. అక్కడ జీవి గొంతు కొద్ది బెదిరింపులకే పరిమితమై, చివరికి వాల్టన్ ఎదుట మళ్లీ తెరుచుకుంటుంది. మూగగా ఉండటం, మాట్లాడటం, మాట్లాడినా దక్కకపోవడం: ఈ మూడు దశల మధ్య హద్దులే సంపుటాల హద్దులు.

ఇది మనం అతికించిన అర్థమా, నిర్మాణంలో ఉన్నదా అని తేల్చుకోవడానికి కోతను జరిపి చూడండి. ఉత్కంఠ కోసమే అయితే మొదటి సంపుటాన్ని 10వ అధ్యాయం చివర, జీవి 'నా కథ విను' అని నోరు తెరవబోయే చోట ఆపవచ్చు. పాఠకులు రెండో సంపుటం కోసం పరుగెత్తేవారు. రచయిత్రి అంత తేలికైన కోతను వదులుకుని రెండు అధ్యాయాల ముందే ఆపింది. దానితో మనం దుఃఖమూ, జీవి మీద కోపమూ మూటగట్టుకుని మొదటి సంపుటం మూస్తాం. ఆ కోపంతోనే రెండోదాంట్లో దాని మాట వినవలసి వస్తుంది. విక్టర్ కొండెక్కేది కూడా అదే స్థితిలో.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. డి లేసీల కథ నవలకు సరిగ్గా నడిమధ్యన ఉందని కొందరు వాదిస్తారు. లెక్క వేస్తే 1818 పాఠంలో ఉత్తరాలు పోను 23 అధ్యాయాలు, ఆ కథ 13వది. మధ్యకు దగ్గరే కానీ మధ్య కాదు. ఇలాంటిచోట 'దాదాపు' అని రాసి, దాని మీద పెద్ద వాదన కట్టకుండా వదిలేయడమే సరి.

అభ్యాసం

వచ్చే పాఠానికి ఎమిలీ బ్రాంటీ 'వుదరింగ్ హైట్స్' చదివి రండి. 1847లో అది రెండు సంపుటాలుగా వచ్చింది. వరుస అంకెలున్న ప్రతిలో 14వ అధ్యాయం తర్వాత గీత గీయండి. 15వ అధ్యాయం మొదటి పేరాలో లాక్‌వుడ్, ఇల్లు చూసుకునే నెల్లీ చెప్పిన కథను ఇకపై ఆమె మాటల్లోనే, కొంచెం కుదించి చెబుతానంటాడు. అతను ఏం కుదించి ఉంటాడో మనకు తెలిసే వీలుందా? నెల్లీ లాక్‌వుడ్ నుంచి ఏం ఆశిస్తోంది? ఆశ ఉందనుకుంటే అందుకు ఆమె మాటల్లోంచే రెండు వాక్యాలు చూపండి, ఊహ చెల్లదు. ఆ కోతను రెండు అధ్యాయాలు వెనక్కీ, రెండు ముందుకీ జరిపి, ఒక్కోసారి ఏం పోతుందో మూడు నాలుగు వాక్యాల్లో రాయండి.