పరోక్ష సాక్ష్యం – పాఠం 5: నిందితుడి అబద్ధం గొలుసులో ఎక్కడ కూర్చుంటుంది?

గత పాఠంలో ఒక్కో పరిస్థితిని విడిగా రుజువు చేయడం చూశాం. ఈసారి అవన్నీ గొలుసులోని లంకెల్లా కలిపి చదివేటప్పుడు ఎక్కువ మంది తడబడే చోటుకు వెళ్దాం. కోర్టే ప్రశ్నలడిగి రాసుకునే బీఎన్‌ఎస్‌ఎస్ 351 స్టేట్‌మెంట్‌లో, అంటే పాత సీఆర్‌పీసీ 313లో, నిందితుడు అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం ప్రాసిక్యూషన్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

ముందు ఒక కేసు రాసుకోండి. ఇది పాఠం కోసం అల్లినదే, ఊరు మాత్రం మనదే. బోరబండలో ఒకే గదిలో అద్దెకుంటున్న ఇద్దరు మేస్త్రీ పనివాళ్లు. ఇద్దరి మధ్య చిట్టీ డబ్బు 40 వేల తగాదా ఉందని ఇంటి ఓనరు చెప్పాడు. రాత్రి 8:15కి ఇద్దరూ కల్లు కాంపౌండ్ నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లడం ప్రాసిక్యూషన్ మూడో సాక్షి, పీడబ్ల్యూ 3, చూశాడు. మర్నాడు ఉదయం 6:30కి అర కిలోమీటరు దూరంలో, నాలా గట్టు మీద ఒకరి శవం దొరికింది. ఒంటి మీద కత్తి పోట్లున్నాయి. ఉస్మానియాలో మధ్యాహ్నం 12కి పోస్ట్‌మార్టం మొదలైంది. చావు అప్పటికి 12 నుంచి 18 గంటల ముందు జరిగిందని డాక్టర్ అన్నాడు. ఐదో రోజు రెండోవాడిని, అంటే నిందితుడు ఎ1ని, అరెస్టు చేశారు, అతను చూపించిన పొదలో కత్తి దొరికింది. దాని మీద ఉన్నది మనిషి రక్తమేనని ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్‌ఎస్‌ఎల్ అంది కానీ గ్రూపు తేల్చలేకపోయింది. కోర్టులో ఎ1 చెప్పింది ఒకటే: "ఆ రోజు నేను కాంపౌండ్‌కే వెళ్లలేదు." పీడబ్ల్యూ 3 క్రాస్‌లో చెక్కుచెదరలేదు కాబట్టి ఇది అబద్ధమే అనుకుందాం.

నాంపల్లి కోర్టుల్లో ఇలాంటి కేసు వాదిస్తే ప్రాసిక్యూషన్ నోట మొదట వచ్చే మాట ఊహించవచ్చు: "కలిసి వెళ్లింది నిజం. అది దాచాడంటే చంపింది అతనే." వినడానికి బలంగానే ఉంటుంది. 1984లో శరద్ బిర్ధిచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఆపింది సరిగ్గా ఈ దూకుడునే. పుణెలో సైనైడ్ వల్ల ఒక భార్య చనిపోయిన కేసు అది. సెషన్స్ కోర్టు భర్తకు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది. ఆ తీర్పులోని అయిదు సూత్రాలను అందరూ బట్టీ పడతారు. ఆ పక్కనే ఉన్న ఇంకో మాటను మాత్రం చాలామంది చదవరు. అబద్ధపు జవాబును అదనపు లంకెగా వాడుకోవాలంటే మూడు షరతులు తీరాలి. ప్రాసిక్యూషన్ చెప్పిన లంకెలన్నీ ముందే సరిగ్గా రుజువై ఉండాలి. ఆ పరిస్థితి తగినంత నిశ్చయంగా నేరం వైపు చూపాలి. అది సంఘటన జరిగిన సమయానికీ సందర్భానికీ దగ్గరగా ఉండాలి. అంటే అబద్ధం పూర్తయిన గొలుసును గట్టిపరుస్తుంది, తెగిన చోటును మాత్రం అతకదు.

దీన్ని పాటించడానికి నేను చెప్పే పద్ధతి ఇది. ఎ1 జవాబు రాసి ఉన్న భాగాన్ని ఓ కాగితంతో కప్పేయండి. మిగిలినవాటితోనే నేరం నిలబడుతుందో లేదో చూసుకుని, తర్వాతే కాగితం తీయండి.

మన కేసుకు కప్పి చూద్దాం. డాక్టర్ లెక్క ప్రకారం చావు సాయంత్రం 6 నుంచి అర్ధరాత్రి మధ్య జరిగింది. 8:15కి మనిషి బతికే ఉన్నాడు. కాబట్టి 8:15 నుంచి 12 దాకా, దాదాపు నాలుగు గంటల ఖాళీ మిగిలింది. ఇద్దరూ కలిసి కనిపించిన సమయానికీ చావుకీ మధ్య ఇంకొకరు చొరబడే వీలు లేనంత తక్కువ వ్యవధి ఉండాలని 2005లో సతీష్ కేసు చెప్పింది. ఇక్కడ శవం దొరికింది నాలా గట్టు మీద. రాత్రి పదింటికి కూడా జనం తిరిగే చోటు అది. ఇద్దరూ ఒకే గదికి వెళ్లేవాళ్లు కాబట్టి కలిసి బయల్దేరడంలో వింతేమీ లేదు. పైగా కాల్ రికార్డు చూస్తే 9:40కి చనిపోయినతని ఫోన్‌కు ఒక కాల్ వచ్చింది, రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆ నంబరు ఎవరిదో దర్యాప్తు అధికారి, అంటే ఐఓ, కనుక్కోలేదు, ఆ ఫోనూ దొరకలేదు. ఇదేమీ డిఫెన్స్ కల్పించిన ఊహ కాదు. ప్రాసిక్యూషన్ కాగితాల్లోనే తెరిచి ఉన్న తలుపు.

ఎ1 ఫోన్ టవర్ లొకేషన్ ఉంది కదా అంటారు. గదీ నాలా ఒకే టవర్ కిందకి వస్తే ఎ1 ఇంట్లో ఉన్నా అదే టవర్ చూపిస్తుంది. పైగా సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ లేకపోతే ఆ రికార్డు ప్రింటౌట్‌నే చూడకూడదు.

కత్తి సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఈ విషయంలో దేశమంతా నేటికీ ఉటంకించే పులుకూరి కోటయ్య కేసు గుంటూరు నుంచి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లినదే. "నేను పొడిచిన కత్తిని ఫలానా చోట దాచాను, చూపిస్తాను" అని నిందితుడు చెబితే, కత్తి దొరకడానికి నేరుగా దారి తీసిన భాగమే సాక్ష్యం అవుతుంది. "నేను పొడిచిన" అన్నది రాదు. కాబట్టి రికవరీతో తేలింది ఒక కత్తి ఆ పొదలో ఉన్నట్టు ఎ1కు తెలుసనే. అదే కత్తితో ఈ చావు జరిగిందని కలపాల్సింది రక్తం గ్రూపు లేదా డీఎన్‌ఏ. అవి లేవు. డాక్టర్‌కు కత్తి చూపించి ఈ గాయాలు దీనివల్లే అవుతాయా అని అడిగినా, "కావచ్చు" అన్నంతవరకే వస్తుంది. పంచనామాలో సంతకం చేసిన పంచులు కోర్టులో అడ్డం తిరిగితే ఆ కాస్త బలం కూడా ఐఓ మాట మీదే ఆధారపడుతుంది.

మోటివ్ కూడా అంతే. 40 వేల తగాదా చంపడానికి కారణం కావచ్చు. కానీ తగాదా ఉన్నవాళ్లందరూ చంపరు కదా.

ఇప్పుడు కాగితం తీయండి. ఎ1 అబద్ధం చెప్పాడు. ఎందుకు చెప్పి ఉంటాడు? చంపి ఉండొచ్చు. లేదా చివరిసారి నాతోనే కనిపించాడంటే ఇరుక్కుంటానని భయపడి ఉండొచ్చు, ఇలాంటి టెన్షన్‌లో నిర్దోషులు కూడా ఇలాగే చేస్తారు. ఆ నాలుగు గంటల ఖాళీ అలాగే ఉంది, ఆ కాల్ అలాగే ఉంది. జవాబు: శిక్ష నిలబడదు.

ఇంకో చిన్న జాగ్రత్త. పీడబ్ల్యూ 3 చెప్పిన విషయాన్ని ఎ1 ముందు ప్రశ్నగా పెట్టారా లేదా చూడండి. అతన్ని అడగని పరిస్థితిని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని సార్దా తీర్పే చెప్పింది. అన్నిటినీ కలిపి ఒకే పొడుగాటి ప్రశ్నగా అడిగి, "తప్పు" అని రాసుకున్న స్టేట్‌మెంట్లు ఫైళ్లలో తరచూ కనిపిస్తాయి. అప్పీల్లో ముందు చదవాల్సింది ఆ పేజీలే.

ఇప్పుడు అదే కేసులో ఒక్క విషయం మార్చండి. శవం నాలా దగ్గర కాకుండా గదిలోనే దొరికింది. గదికి తలుపు ఒకటే. రాత్రి 9కి ఇద్దరూ లోపలికి వెళ్లారు, ఉదయం 5కి ఎ1 ఒక్కడే బయటికొచ్చి తాళం వేసి వెళ్లాడు, ఓనరు రెండూ చూశాడు. ఇక సమయం ఖాళీ గురించి పట్టింపు లేదు, ఎందుకంటే మూడో మనిషికి చోటే లేదు. లోపల ఏం జరిగిందో తెలిసినవాడు ఎ1 ఒక్కడే, అతను చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలోని 106, ఇప్పటి అధినియంలోని 109 పని ఇదే. 2006లో త్రిముఖ్ మారుతి కిర్కన్ తీర్పు ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన నేరాల గురించి ఇదే చెప్పింది. ఇక్కడ మౌనమో అబద్ధమో అదనపు లంకె అవుతుంది. అయితే ఇద్దరూ లోపలే ఉన్నారని ముందు రుజువు చేయాల్సింది మాత్రం ప్రాసిక్యూషనే. ఓనరు సాక్ష్యం పడిపోతే 109 కూడా దానితోపాటే పడిపోతుంది.

ఇంటి పని. ఇదే గదిలో మూడో వ్యక్తి కూడా అద్దెకుంటున్నాడు. ఆ రాత్రి తాను నైట్ డ్యూటీలో ఉన్నానని సాక్షిగా చెప్పాడు, కానీ అతని హాజరు రిజిస్టర్‌ను ఐఓ సీజ్ చేయలేదు. ఓనరు 9కి చూసింది ఇద్దరినే, కానీ పదింటికి పడుకున్నాడు, లేచింది 5కి. గది తాళంచెవులు మూడు. ఎ1 జవాబును కప్పి, శిక్ష నిలబడుతుందో లేదో ఒక పేజీలో రాయండి. ఆ రిజిస్టర్ ఉండి ఉంటే మీ జవాబు మారేదా అన్నదీ చేర్చండి.