ఫ్లై యాష్ ఇటుక గట్టిగా రావాలంటే తడి ఎలా పెట్టాలి?

చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు, అత్తిపట్టు వైపు థర్మల్ కేంద్రాల బూడిదను నీళ్లలో కలిపి పైపుల్లో చెరువులకు పంపుతారు. పైపు పగిలిన ప్రతిసారీ ఆ బురద కొసస్థలై ఆరులోకి, ఊళ్లలోకి చేరుతుంది. అదే బూడిదను పొడిగా పట్టుకుంటే మంచి ఇటుక అవుతుంది. మా చుట్టుపక్కల రెడ్‌హిల్స్, పొన్నేరి దాకా ఉన్న యూనిట్లలో చాలామంది మనవాళ్లే. వాళ్లు బూడిద ఎంపికలో కంటే తడి పెట్టడంలోనే ఎక్కువగా తప్పు చేస్తున్నారు.

థర్మల్ కేంద్రంలో గొట్టాల కింద పట్టిన పొడి బూడిదే తెచ్చుకోండి. చెరువులోంచి తవ్వి తెచ్చిన తడి బూడిద ముతకగా ఉంటుంది, అడుగు బూడిదతో కలిసిపోయి ఉంటుంది. దాంతో బలం రాదు. మంచిది వేళ్ల మధ్య టాల్కం పౌడర్‌లా జారాలి. నల్లగా ఉంటే కాలని బొగ్గు మిగిలిందని అర్థం, వెనక్కి పంపేయండి. సిమెంట్ ఓపీసీ మాత్రమే వాడాలి. పీపీసీ బస్తాలో ముందే 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉంటుంది కాబట్టి మీ లెక్క తప్పుతుంది.

కొలత తట్టలతో కాదు, కాటాతో. ఒక విడతకు 110 కిలోల బూడిద, 70 కిలోల క్రషర్ డస్ట్, 20 కిలోల సిమెంట్. పొడిగా బాగా కలిపాక నీళ్లు 16 నుంచి 20 లీటర్లు, డస్ట్‌లో ఉన్న తడిని బట్టి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్లకు నీరు కారకూడదు. 230 × 110 × 75 మి.మీ. అచ్చులో ఇది దాదాపు 65-70 ఇటుకలవుతుంది. విశాఖకు చెందిన కాళిదాస్, భానుమతీదాస్ సిమెంట్ లేకుండా సున్నం, జిప్సంతో ఫాల్-జి పద్ధతి తెచ్చారు. అదీ మంచిదే. కానీ ఒకే నాణ్యత ఉన్న సున్నం నమ్మకంగా దొరకని చోట నేను సిమెంట్‌నే ఎంచుకుంటాను.

ఇక అసలు పని. ప్రెస్ నుంచి దిగిన ఇటుక మీద మొదటి రోజు నీళ్లు పోయకండి, అంచులు కొట్టుకుపోతాయి. నీడలో పేర్చి టార్పాలిన్ కప్పి వదిలేయండి. రెండో రోజు నుంచి రోజ్ క్యాన్‌తో పూటకు ఒకసారి చొప్పున రోజుకు మూడుసార్లు తడపాలి. కనీసం 21 రోజులు. నా దగ్గర ఇందులో తగ్గింపు లేదు.

ఎందుకంటే సిమెంట్ గట్టిపడేటప్పుడు సున్నం విడుదలవుతుంది. బూడిదలోని సిలికా ఆ సున్నంతో కలిసి బంధం కడుతుంది. ఇది వారాల తరబడి, ఇటుక తడిగా ఉన్నంతసేపే జరిగే పని. ఇటుక ఎండితే అక్కడే ఆగిపోతుంది, మిగిలిన బూడిద ఉట్టి పొడిగానే ఉండిపోతుంది. వారానికి కనిపించే గట్టిదనం చాలావరకు సిమెంట్‌ది. 'అన్నా, రాయిలా ఉంది కదా, లోడ్ ఎత్తేద్దాం' అని డ్రైవర్ తొందరపెడతాడు. ఒప్పుకోవద్దు. అలా వెళ్లిన ఇటుక గోడ కట్టేటప్పుడే మూలలు రాలుస్తుంది.

చెన్నై ఎండాకాలంలో సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. అప్పటిదాకా వీచే వేడిగాలికి పేర్పు బయటి వరుసలు మధ్యాహ్నానికే తెల్లబడతాయి, లోపలివి తడిగానే ఉంటాయి. అందుకని పేర్పు చుట్టూ తడి గోనెపట్టాలు కప్పాలి. మధ్యలోకి చేయి పెట్టి చూడటం కాదు, మూల ఇటుకను ముట్టుకుని చూడాలి. ఇంకొకటి, మీంజూరు వైపు బోరు నీళ్లలోకి ఉప్పు వచ్చేసింది. ఆ నీళ్లతో తడిపితే ఇటుక ఆరాక తెల్లగా పొట్టు లేస్తుంది. నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉన్న నీళ్లు కలపడానికీ వద్దు, తడపడానికీ వద్దు. ట్యాంకర్ తెప్పించుకోండి.

28వ రోజున బయటి వరుస నుంచే ఒక ఇటుక తీసి పరీక్షించండి. గోటితో అంచు గీస్తే పొడి రాలకూడదు. బాగా ఆరబెట్టి తూచండి, 24 గంటలు నీళ్లలో ఉంచి, పైన తుడిచి మళ్లీ తూచండి. 3 కిలోలది 3.45 అయితే 15 శాతం పీల్చిందన్నమాట, బాగుంది. ఫ్లై యాష్-సున్నం ఇటుకలకు ఐఎస్ 12894 ప్రమాణం పెట్టిన హద్దు 20 శాతం. 3.6 కిలోలు దాటితే ఆ పేర్పును ఎవరికీ అమ్మకండి. పూర్తిగా ఎండిపోయిన ఇటుకను తర్వాత ఎంత తడిపినా పోయిన బలమంతా తిరిగి రాదు.