పార్ట్ టైమ్ అకౌంటెంట్ కావాలని నోటు రాయడం ఎలా?

"టాలీ వచ్చిన పార్ట్ టైమ్ అకౌంటెంట్ కావలెను. జీతం మాట్లాడుకుందాం." మూడేళ్ల క్రితం ఏలూరులో మా ఎలక్ట్రికల్ షాపు అద్దానికి అంటించిన కాగితంలో ఇంతే రాశాను. వారంలో పదకొండు మంది వచ్చారు. కొందరు రోజంతా పని అనుకున్నారు, ఇద్దరు ఇంటి దగ్గర్నుంచే చేస్తామన్నారు, ఒకబ్బాయి జీతం వినగానే మెట్లు దిగిపోయాడు. ఒక్కొక్కరికీ అదే కథ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని గంటలు, నెలకు ఎంత అన్నవి కాగితంలోనే ఉంటే ఈ తిరుగుడు ఉండదు. అయితే అవి రాయాలంటే ముందు మనకు తెలియాలి. అందుకని నోటు కంటే ముందు లెక్క వేసుకోవాలి.

ముందు పనిని గంటల్లోకి మార్చండి

పోయిన నెల కాగితాలు బయటికి తీసి లెక్కపెట్టండి. మా షాపులో కొనుగోలు బిల్లులు 60, బ్యాంకు స్టేట్‌మెంటులో వరసలు 150, చిల్లర ఖర్చుల చీటీలు 90 తేలాయి. అమ్మకం బిల్లులు కౌంటర్ దగ్గరే టాలీలో పడతాయి కాబట్టి వాటిని సరిచూస్తే చాలు.

తర్వాత పది కొనుగోలు బిల్లులు మీరే ఎక్కించి చూడండి, లేదా ఇప్పుడు ఎక్కిస్తున్న మనిషి పక్కన గడియారం పెట్టుకుని కూర్చోండి. మాకు బిల్లుకు ఐదు నిమిషాలు పట్టింది, అంటే నెలకు 5 గంటలు. బ్యాంకు వరసలకు 4 గంటలు, చీటీలకు గంటన్నర, అమ్మకాలు సరిచూడడానికి 4, బాకీల జాబితాకు 2, సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితా అయిన జీఎస్టీ 2బితో కొనుగోళ్లు పోల్చడానికి 3. మొత్తం పంతొమ్మిదిన్నర గంటలు. బిల్లు దొరక్క వెతకడం, సప్లయరుకు ఫోన్ చేయడం లాంటివి ఎప్పుడూ ఉంటాయి, వాటికి ఇంకో ఆరు గంటలు కలుపుకున్నాం. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలంటే నెలకు దాదాపు 26 గంటలు. సరిపోయింది.

ఏ వేళకు రమ్మనాలి?

నేను పెద్ద దెబ్బ తిన్నది ఇక్కడే. మొదటిసారి పెట్టుకున్నావిడను సాయంత్రం 6 నుంచి 8 వరకు రమ్మన్నాను. ఆవిడ పనిమంతురాలు. కానీ మాకున్నది ఒక్క కంప్యూటరుకే పనిచేసే టాలీ లైసెన్సు, ఆ కంప్యూటరేమో కౌంటర్ మీద ఉంది. ఆ వేళకు ఎలక్ట్రీషియన్లు వరసకట్టి నిలబడతారు. ఆవిడ బిల్లుల కట్ట ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని, కౌంటర్ ఖాళీ అయితే నాలుగు బిల్లులు ఎక్కించి మళ్లీ లేచేవారు. రెండు నెలలు చూసి మానేశారు. తప్పు ఆవిడది కాదు.

కాబట్టి కంప్యూటర్ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో చూసి వేళ రాయండి. మాకు మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు గిరాకీ తక్కువ. ఆ వేళకు ఇంటి పని ముగించుకున్న గృహిణులు, ఉదయం కాలేజీ ఉన్న బీకాం పిల్లలు రాగలరు. పగలు ఉద్యోగం ఉన్నవాళ్లు రాలేరు. సాయంత్రం మనిషే కావాలంటే రెండో కంప్యూటరుకు, మల్టీ యూజర్ లైసెన్సుకు ఖర్చు పెట్టుకోవాలి.

తేదీలు కూడా చెప్పాలి. నెలనెలా రిటర్న్ వేసే షాపుకు జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, 3బి గడువు 20. సప్లయర్లు చూపించిన బిల్లులతో 2బి తయారయ్యేది 14న. అందుకే 8 నుంచి 10 వరకు, 15 నుంచి 18 వరకు సెలవు కుదరదని నోటులోనే పెట్టేయండి. ఆ వారాల్లో ఎక్కువగా వచ్చిన రోజులను నెలాఖరులో తగ్గించుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ పేరుతో ఆగకండి

"టాలీ వచ్చు" అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. పాత ఈఆర్‌పీ 9లో నేర్చుకున్నవాళ్లకు టాలీ ప్రైమ్‌లో మెనూలు కొత్తగా ఉంటాయి, రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. అది సమస్య కాదు. స్టాక్ లేకుండా ఖాతాలు మాత్రమే రాసినవాళ్లకు మన వైరు కాయిళ్లు, స్విచ్చులు ఐటమ్ వారీగా ఎక్కించడం కష్టమవుతుంది. అందుకని "టాలీ ప్రైమ్, స్టాక్‌తో సహా" అని రాయండి. 2బిని ఎక్సెల్‌లో దించుకుని పోల్చాలి కాబట్టి ఎక్సెల్ కూడా చేర్చండి. రిటర్న్ ఎవరు వేస్తారో తేల్చి చెప్పండి. మా దగ్గర అది ఆడిటర్ గారి ఆఫీసు వేస్తుంది. ఇది చెప్పకపోతే ఆ భారం కూడా తన మీదే పడుతుందని మంచి మనిషి వెనక్కి తగ్గుతారు.

జీతం అంకెలో రాయండి

రోజంతా చేసే అకౌంటెంటుకు నెలకు ఎంత ఇస్తున్నారో పక్క షాపుల్లో అడగండి. మా వీధిలో అప్పుడు 18,000 అన్నారు. నెలకు 208 గంటల పని అనుకుంటే గంటకు 86 రూపాయలు. ఆ లెక్కన 26 గంటలకు 2,250 మించి రాదు. ఆ డబ్బుకు ఎవరూ నిలవరు, నిలవాలని అడగడం న్యాయం కూడా కాదు. రెండు గంటల కోసం మనిషి తయారై, బస్సెక్కి వచ్చి, ఆ మధ్యాహ్నమంతా మనకే ఇస్తున్నారు. రానూపోనూ సమయాన్ని కూడా లెక్కలో వేసుకుని మేం 5,500 పెట్టాం. జీతం ఏ తేదీన ఇస్తారో కూడా రాయండి.

నోటు

చివరికి మేం అంటించింది ఇది:

"ఎలక్ట్రికల్ షాపులో పార్ట్ టైమ్ అకౌంటెంట్ కావలెను. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు, షాపులోనే పని. ప్రతి నెల 8–10, 15–18 తేదీల్లో సెలవు కుదరదు, ఆ వారాల్లో రోజులు మారవచ్చు. టాలీ ప్రైమ్ (స్టాక్‌తో సహా), ఎక్సెల్ వచ్చి ఉండాలి. పని: కొనుగోలు బిల్లులు, బ్యాంకు, ఖర్చులు ఎక్కించడం, 2బి పోల్చడం, బాకీల జాబితా. రిటర్నులు ఆడిటర్ గారు వేస్తారు. జీతం నెలకు రూ. 5,500, ప్రతి నెల 1న. వచ్చేవారు 20 నిమిషాల చిన్న పని చేసి చూపించాలి."

ఈసారి నలుగురే వచ్చారు, నలుగురూ పనికొచ్చేవాళ్లే.

ఆ 20 నిమిషాల్లో ఏం చూడాలి?

టాలీలో ఉత్తుత్తి కంపెనీ ఒకటి తెరిచి రెండు బిల్లులు ఇవ్వండి. రెండింటిలోనూ సరుకు 10,000, పన్ను 18 శాతం. ఒకటి విజయవాడ సప్లయరుది, ఇంకొకటి హైదరాబాదుది. మన షాపు ఏలూరులో ఉంది కాబట్టి విజయవాడ బిల్లులో సీజీఎస్టీ 900, ఎస్‌జీఎస్టీ 900 పడాలి. హైదరాబాదు వేరే రాష్ట్రం కాబట్టి ఆ బిల్లులో ఐజీఎస్టీ 1,800 పడాలి. బిల్లు మీద ఎలా ఉందో చూసి ఎక్కిస్తున్నారా, అలవాటు కొద్దీ రెండూ ఒకేలా కొడుతున్నారా అన్నది వెంటనే తెలిసిపోతుంది. మూడోది, ఎవరు వేశారో తెలియని 4,200 రూపాయల బ్యాంకు జమ. దాన్ని ఏదో ఒక కస్టమరు ఖాతాలో పడేసేవారి కంటే "ఇది ఎవరిదండీ?" అని అడిగేవారిని తీసుకోండి.

చేరాక వాళ్లకు టాలీలో వేరే యూజర్ పేరు ఇవ్వండి, బ్యాంకు ఓటీపీలు మాత్రం మీ ఫోన్‌లోనే ఉండాలి. మొదటి జీతం ఇచ్చే రోజు ఇద్దరూ కలిసి కూర్చుని మూడు చూడండి. క్యాష్ ఖాతా నిల్వ గల్లాలో ఉన్న డబ్బుతో కలవాలి. బ్యాంకు నిల్వ స్టేట్‌మెంటుతో కలవాలి, కలవకపోతే తేడా ఏ చెక్కుదో చెప్పగలగాలి. ఎవరిదో తేలని మొత్తాలు పెట్టే సస్పెన్స్ ఖాతాలో ఎంత ఉంటే అంతకీ పక్కన ఒక ప్రశ్నల చీటీ ఉండాలి. నెల మధ్యలో ఏ రోజైనా క్యాష్ నిల్వ మైనస్‌లోకి వెళ్లిందంటే, చాలాసార్లు ఆ రోజో అంతకు ముందో అమ్మకం ఏదో ఎక్కి ఉండదు, లేదా ఖర్చు రెండుసార్లు ఎక్కి ఉంటుంది. ఆ తేదీ నుంచి వెనక్కి డే బుక్ చూసి, తప్పు దొరికిన చోటే సరిచేయించండి.