ఫొటోలో ట్రాఫిక్ లెక్క – 4వ పాఠం: నిమిషం ఎక్కడ దాగింది?

ఈ పాఠంలో నీడలు చూసి బండ్లు వేరుచేయడం చెప్పాలనుకున్నాను. మీ జవాబులు చూశాక అది వాయిదా వేశాను. పోయినసారి ఇచ్చిన ఫొటోలో, హైదరాబాద్‌లో మెట్రో స్టేషన్ మెట్ల మీంచి సాయంత్రం తీసినదానిలో, బండ్లు లెక్కపెట్టమన్నాను. దాదాపు అందరూ 24 అని సరిగ్గానే పెట్టారు. 12 టూవీలర్లు, 5 ఆటోలు, 6 కార్లు, 1 బస్సు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. చాలామంది ఉత్సాహంగా "కాబట్టి నిమిషానికి 24 బండ్లు" అని రాసేశారు. ఒకరు ఇంకో అడుగు ముందుకేశారు. ఫొటో వివరాల్లో ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ తెరిచి ఉన్న సమయం, 1/25 సెకను అని ఉంది కదా, అంటే 1/25 సెకనులో 24 బండ్లు అనుకుని, 25తో, మళ్లీ 60తో గుణించి నిమిషానికి 36,000 తేల్చారు. నవ్వకండి. "24" అన్నవాళ్లదీ ఇదే తప్పు, అంకె చిన్నది కాబట్టి బయటపడలేదంతే.

బిందెలో ఎన్ని నీళ్లున్నాయో చూసి కుళాయి ధార ఎంతో చెప్పగలరా? ఫొటోలో ఉన్నది బిందె. 24 అనేది రోడ్డు ముక్క మీద ఉన్న బండ్ల సంఖ్య. నిమిషానికి ఎన్ని అనేది రోడ్డుకు అడ్డంగా ఊహించుకున్న ఒక గీత దాటే బండ్ల సంఖ్య. మొదటిదాన్ని మీటర్లతో భాగిస్తారు, రెండోదాన్ని నిమిషాలతో. మీటర్ల నుంచి నిమిషాలకు వెళ్లాలంటే మధ్యలో వేగం ఉండాలి. రెడ్ సిగ్నల్ దగ్గర 60 బండ్లు కిక్కిరిసి నిలబడ్డ ఫొటో తీయండి, గీత దాటేవి సున్నా. అదే రోడ్డు మీద రాత్రి పదింటికి నాలుగే బండ్లు కనిపిస్తాయి, కానీ అవి దూసుకుపోతుంటే నిమిషానికి పాతిక దాటొచ్చు. ఫొటో నిండుగా ఉందంటే రద్దీ ఎక్కువని అర్థం, ప్రవాహం ఎక్కువని కాదు. ఇది మూడోసారి చెబుతున్నాను, నాలుగోసారి చెప్పను.

లెక్కకు పుస్తకాల్లో సాంద్రతను, అంటే కిలోమీటరు రోడ్డు మీద ఎన్ని బండ్లున్నాయో ఆ అంకెను, వేగంతో గుణించమంటారు. నాకు కిలోమీటర్లు, గంటలు పెట్టుకోవడం చికాకు. నేనైతే ఇలా అడుగుతాను: ఈ రోడ్డు ముక్క నిమిషానికి ఎన్నిసార్లు ఖాళీ అయి నిండుతుంది? మన ఫొటోలో ముక్క పొడవు 75 మీటర్లు. మెట్రో పిల్లర్ల నంబర్లు పట్టుకుని, మ్యాప్‌లో పై నుంచి కొలిచాను. బండి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి 300 మీటర్లు. అంటే ముక్క నాలుగుసార్లు ఖాళీ అవుతుంది. 24ను నాలుగుతో గుణిస్తే 96. గంటకు 6 కిలోమీటర్లంటే నిమిషానికి 100 మీటర్లు. ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

మరి ఆ 18 ఎక్కడిది? 1930లలో అమెరికాలోని ఒహాయోలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ అనే ట్రాఫిక్ ఇంజినీరు కెమెరాతో ట్రాఫిక్‌ను కొలిచినప్పుడు నిర్ణీత వ్యవధిలో వరుసగా ఫొటోలు తీశాడు. ఒక ఫొటోకు, తర్వాతి ఫొటోకు బండి ఎంత జరిగిందో చూస్తే వేగం వచ్చేస్తుంది. మన దగ్గర ఉన్నది ఒకటే ఫొటో. ఇక మిగిలింది మసక. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ బండి కదులుతూనే ఉంటుంది కాబట్టి టెయిల్ ల్యాంపు చుక్కలా కాక చిన్న గీతలా పడుతుంది. ముందు exiftool అనే ప్రోగ్రామ్‌తో ఎక్స్‌పోజర్ చూడండి:

```
exiftool -ExposureTime photo.jpg
```

ఇక కారు. చిన్న కార్లలో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం దాదాపు రెండున్నర మీటర్లు. ఫొటోలో ఆ రెండు చక్రాలు రోడ్డును తాకే చోట్ల మధ్య 100 పిక్సెళ్లు వచ్చాయి. అంటే అక్కడ ఒక పిక్సెల్ రెండున్నర సెంటీమీటర్లు. అదే కారు టెయిల్ ల్యాంపు వెలుగు 8 పిక్సెళ్లు సాగింది, అంటే 20 సెంటీమీటర్లు. 1/25 సెకనులో 20 సెంటీమీటర్లంటే సెకనుకు 5 మీటర్లు, గంటకు 18 కిలోమీటర్లు.

మధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోతో ఇది కుదరదు. ఎక్స్‌పోజర్ 1/1000 ఉంటే అదే కారు అర సెంటీమీటరే జరుగుతుంది, పిక్సెల్‌లో ఐదోవంతే. ఫొటో ఎంత స్పష్టంగా ఉంటే మనకు అంత పనికిరానిది. ఫోన్‌లో నైట్ మోడ్ కూడా వద్దు. అది చాలా ఫ్రేములను కలిపి ఒకటి చేస్తుంది, గీత పొడవుకు అర్థం ఉండదు.

కారు వేగాన్నే అన్నిటికీ అంటగడితే ఇంకో పొరపాటు. టూవీలర్ సందుల్లోంచి దూరిపోతుంది, బస్సు స్టాపు చూసుకుని నెమ్మదిస్తుంది. ఒక్కో రకానికీ ఒక్కో వెలుగు గీత కొలిస్తే టూవీలర్లకు గంటకు 24 కిలోమీటర్లు, ఆటోలకు 15, బస్సుకు 12 వచ్చింది. విడివిడిగా వేస్తే నిమిషానికి టూవీలర్లు 64, ఆటోలు 17, కార్లు 24, బస్సులు 3 లోపు. మొత్తం 107 చిల్లర. ఫొటోలో టూవీలర్లు సరిగ్గా సగం, గీత దాటేవాటిలో మాత్రం 60 శాతం. నెమ్మదిగా పోయేది ఫ్రేములో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఫొటోకు ఎక్కువ చిక్కుతుంది.

ఈ 107ను ఎంత నమ్మాలి? గీత కొలతలో రెండు పిక్సెళ్లు అటూ ఇటూ అయితే వేగం పాతిక శాతం మారుతుంది. బండ్ల సంఖ్య కూడా నిలకడైనది కాదు. ఇంకో క్షణంలో నొక్కి ఉంటే 19 రావచ్చు, 29 రావచ్చు. బండ్లు ఎలా పడితే అలా వస్తున్నప్పుడు లెక్కలో ఊగిసలాట దాదాపు వర్గమూలమంత, 24కి అది 5. రెండూ కలిస్తే 70కీ 140కీ మధ్య ఎక్కడో. బస్సు వెనక దాక్కున్న బైకులు ఇందులో లేవు.

అసలు హద్దు ఇది కాదు. 75 మీటర్లు దాటడానికి ఆ కారుకు 15 సెకన్లు పడుతుంది. అంటే ఆ ఫొటోలో ఉన్నది 15 సెకన్ల ట్రాఫిక్ మాత్రమే. దాన్ని లాగి నిమిషం చేస్తున్నాం. నిజంగా నిమిషం ట్రాఫిక్ ఫ్రేములో ఉండాలంటే ఆ వేగానికి 300 మీటర్ల రోడ్డు కనిపించాలి. ఆ స్టేషన్‌కు వెనక ఒక సిగ్నల్ ఉంది. రెండు నిమిషాలకోసారి తిరుగుతుంది, ఆకుపచ్చ 40 సెకన్లు. నా ఫొటో ఆకుపచ్చకు వదిలిన గుంపు మధ్యలో పడింది. నిమిషానికి 107 చొప్పున 40 సెకన్లంటే 71 బండ్లు. మిగతా 80 సెకన్లు రోడ్డు దాదాపు ఖాళీ, పక్క సందులోంచి ఒకటీ అరా తప్ప. రెండు నిమిషాలకు 71 అంటే నిమిషానికి 36. ఫొటో అబద్ధం చెప్పలేదు, మనం 15 సెకన్లను అరవై అనుకున్నాం. సిగ్నల్ సంగతి ఫొటోలో ఉండదు, అక్కడ నిలబడ్డవాడికే తెలుస్తుంది.

అందుకే జవాబు "నిమిషానికి 107" అని రాయకండి. "ఆ 15 సెకన్లలో, నిమిషానికి 70 నుంచి 140 చొప్పున" అని రాయండి.

అభ్యాసం మర్చిపోయాను. చీకటి పడుతుండగా మీ ఊళ్లో ఏదైనా ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి ఒక్క ఫొటో తీయండి. వెంటనే అక్కడే పది నిమిషాలు నిలబడి ఒకే వైపు బండ్లను 15 సెకన్లకోసారి విడివిడిగా గీతలు పెట్టుకోండి. నలభై అంకెలు వస్తాయి. ఇంటికొచ్చి ఫొటోతో లెక్క వేయండి. మీ జవాబును నాలుగుతో భాగిస్తే వచ్చేది ఆ నలభైలో ఎన్నిటికి దగ్గరగా ఉందో రాసి పంపండి. ముందే అంకెలు చూసి ఫొటో లెక్క సరిచేయకండి, నాకు తెలిసిపోతుంది. సగం కనిపించే బండికి ముందు చక్రం ముక్క లోపల ఉంటేనే లెక్క.