మార్చి ముందు డెమో టైమ్ అడగబోతున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలలే అసలు సీజన్. జీఎస్టీ బిల్లు నంబర్ల సిరీస్‌ను చాలామంది ఏప్రిల్ 1న కొత్తగా మొదలుపెడతారు కాబట్టి, సాఫ్ట్‌వేర్ మార్చాలన్నా ఆ రోజు కోసమే చూస్తారు. చిక్కేమిటంటే షాపువాళ్లకు ఊపిరాడనిదీ ఆ రోజుల్లోనే. మనలాంటివాళ్లు ఇంకో పదిమంది కూడా అప్పుడే ఫోన్లు చేస్తుంటారు.

మొదట తేదీ చూసుకోండి. నెలనెలా రిటర్న్ వేసే షాపులో 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి వెళ్లాలి. ఆ రెండు తేదీలకు ముందు రెండు మూడు రోజులు అకౌంట్స్ చూసే మనిషి దొరకడు. అతను లేకుండా సేఠ్ ఒక్కరికే డెమో చూపిస్తే, "మావాడిని అడిగి చెప్తా" అంటారు, కథ అక్కడితో ఆగుతుంది. ఈమధ్య రంజాన్ కూడా ఈ నెలల్లోనే వస్తోంది. బేగంబజార్ డ్రైఫ్రూట్స్ షాపులను ఆ నెలంతా వదిలేయడమే నయం. ఉపవాసం ఉండేవాళ్లను సాయంత్రం ఇఫ్తార్ వేళకు అడగకండి.

తర్వాత నిమిషాలు. ఇందులో నేను దెబ్బతిన్నాను. ఒక హార్డ్‌వేర్ షాపు ఆయనకు "పదే నిమిషాలు సార్" అని చెప్పి వీడియోకు ఒప్పించాను. లింకు తెరవడం, మైక్‌కు పర్మిషన్ ఇవ్వడం, "వినిపిస్తోందా" అనుకోవడం, వీటికే ఏడు నిమిషాలు పోయాయి. పదో నిమిషానికి నేనింకా లాగిన్ పేజీలోనే ఉన్నాను. "గిరాకీ వచ్చింది" అని పెట్టేశారు. మళ్లీ ఎత్తలేదు. ఆయన తప్పేం లేదు. పది అన్నది నేనే.

అందుకే డెమోను ఇంట్లో ఒకసారి గడియారం పెట్టుకుని చేసి చూసుకోండి. పన్నెండు నిమిషాలు పడితే కలవడానికి మూడు, ప్రశ్నలకు ఐదు కలిపి ఇరవై అని చెప్పండి. "ఐదు నిమిషాలే" అనే మాట లోన్ల ఫోన్ల వల్ల ఎప్పుడో పరువు పోగొట్టుకుంది.

వీడియోనా, ఫోనా అన్నది వాళ్లకే వదిలేయండి, కానీ రెండింటికీ ఒకే టైమ్ చెప్పకండి. ఫోన్‌లో స్క్రీన్ కనిపించదు కాబట్టి ముందే నాలుగు స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపి, "రెండో ఫోటో చూడండి" అంటూ చెప్పాలి. పది నిమిషాలు దాటితే వినేవాళ్లకు పట్టు తప్పుతుంది. లెక్కలు, రేట్లు మాట్లాడటానికి ఫోన్ చాలు. బిల్లు ఎంత త్వరగా కొట్టొచ్చో చూపించాలంటే మాత్రం వీడియోనే కావాలి. వాట్సాప్ వీడియో కాల్‌లోనూ స్క్రీన్ షేర్ ఉంది, లింకు గొడవ తప్పుతుంది. అవతల చూసేది చిన్న ఫోన్‌లో అని గుర్తుంచుకుని అక్షరాలు పెద్దవి చేయండి. మీ నోటిఫికేషన్లు ఆపేయండి. ఇంకో షాపు బాకీ మెసేజ్ తెరమీద పడితే, రేపు తన లెక్కలూ ఇలాగే బయటపడతాయని ఆయనకు అనిపిస్తుంది.

రాణిగంజ్‌లో బోల్టులు, నట్లు అమ్మే షాపు అనుకోండి. కిలోల్లో కొంటారు, నగాల్లో అమ్ముతారు, స్టాక్ ఎప్పుడూ కుదరదు. మీరు షాపుకు వెళ్లినప్పుడు ఆయన అడిగింది అదే. అప్పుడు మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే సార్. సోమవారం షాపులో కలిశాను, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి. కిలోల్లో కొని నగాల్లో అమ్మితే స్టాక్ ఎలా తెలుస్తుందని అడిగారు కదా, అది చూపిస్తాను. వీడియో కాల్ అయితే 20 నిమిషాలు. ఫోన్ అయితే ముందు 4 ఫోటోలు పంపి 10 నిమిషాల్లో చెప్తాను. ఫిబ్రవరి 24 మంగళవారం మధ్యాహ్నం 3కి గానీ, 25 బుధవారం ఉదయం 10:30కి గానీ వీలవుతుందా? బిల్లులు కొట్టే అబ్బాయి పక్కన ఉంటే మంచిది. ఏ యాప్ వేసుకోమనను, ఓటీపీ అడగను."

20వ తేదీ దాటాక పెట్టాను చూడండి. డెమో నచ్చినా ఐటమ్‌లన్నీ ఎక్కించి, మార్చి 31 రాత్రి ఉన్న స్టాక్ వేసుకోవాలి. మార్చి మూడో వారంలో చూపిస్తే "వచ్చే ఏడాది చూద్దాం" అనే వింటారు. చివరి వాక్యం మొహమాటానికి రాసింది కాదు. స్క్రీన్ చూసే యాప్ వేయించి డబ్బు కాజేసే మోసాల గురించి అందరూ వింటూనే ఉన్నారు. డెమో కోసం అలాంటి యాప్ అడిగితే భయపడతారు, భయపడటమే సరి.

ఒప్పుకున్నాక ఆ రోజు పొద్దున ఒక్క మెసేజ్ చేయండి, టైమ్, నిమిషాలు మళ్లీ రాసి. కాల్‌లో పద్దెనిమిదో నిమిషానికి మీరే ఆగి, "చెప్పిన టైమ్ అయిపోవస్తోంది సార్, ఆపమంటారా?" అని అడగండి. జవాబే రాకపోతే మూడు రోజులు ఆగి ఒకసారి ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఆ నంబర్‌ను ఏప్రిల్ 20 తర్వాతి లిస్టులో రాసుకోండి.