జుంకాలు కొనే ముందు ఒక్కసారి స్కేల్ తీయండి

చెవి రంధ్రం నుంచి దవడ అంచు దాకా ఎంతుందో కొలుచుకోండి, మా చెల్లికి 5 సెంటీమీటర్లు వచ్చింది. కమ్మ ఎక్కడ ఆగితే చూపు కూడా అక్కడే ఆగుతుంది, మా చెల్లిది గుండ్రటి మొహం కదా, అందుకే వెడల్పు బుట్ట సరిగ్గా దవడ దగ్గర ఆగేసరికి బుగ్గలు ఇంకా బొద్దుగా కనిపించాయి. అదే సన్నటి లోలాకులు, దవడ దాటి ఒక సెంటీమీటరు కిందకి వేలాడేవి పెడితే మొహం కోలగా అనిపించింది. కోల మొహం వాళ్ళకి ఇది రివర్స్, దవడ కంటే పైనే ఆగే బుట్టలు, గుండ్రటి రింగులు బావుంటాయి. దిద్దులైతే ఈ గొడవే లేదు, కదలవు, చూపు కళ్ళ దగ్గరే ఉంటుంది.

ఇంకోటి, షాపులో అద్దం ముందు బొమ్మలా నిలబడకండి, తల అటూ ఇటూ తిప్పండి. పైన దిద్దుకీ కింద బుట్టకీ మధ్య కొక్కెం వదులుగా ఉంటేనే బుట్ట ఊగుతుంది, అతికించేసి ఉంటే మొత్తం కమ్మ ముందుకి వాలిపోయి బుట్ట దవడకి కొట్టుకుంటుంది. అలా వాలితే వెనక శీలకి వెడల్పు బిళ్ళ వేయించండి, బరువెక్కువైతే మాటీలు తగిలించాల్సిందే.